పాచిక ఆడిందా, పాప ఆడిందా?

వైకుంఠ ఏకాదశి మరునాడు మా బడిలో సగం మంది పిల్లలు నిద్ర కళ్లతోనే కూర్చుంటారు. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆ రాత్రి జాగారానికి పటం పరిచి పాచికలాట ఆడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మనం వైకుంఠపాళి అంటాం, పక్కింటి తమిళులు పరమపదం అంటారు, సరిహద్దు దాటితే కన్నడంలో హావు ఏణి అవుతుంది. పేరేదైనా ఆట ఒక్కటే. పాచిక వేయాలి, పడినన్ని గళ్లు జరగాలి, నిచ్చెన దొరికితే ఎక్కాలి, పాము నోట్లో పడితే దిగాలి.

కిందటేడు అలాంటి ఒక ఉదయాన నాలుగో తరగతి పాప ఒకతి ముఖం ముడుచుకుని కూర్చుంది. లెక్కల్లో చురుకైన పిల్ల. రాత్రంతా రెండో తరగతి చదివే తమ్ముడి చేతిలో ఓడిపోయిందట. "ఆటలో గెలుపోటములు మామూలే కదమ్మా" అన్నాను. దానికి ఆ పాప చెప్పిన జవాబు నా నోరు మూయించింది.

"ఓడిపోతే పర్వాలేదు టీచర్. కానీ ఇందులో నేను ఆడిందేముంది? పాచికే కదా ఆడింది!"

నిజమే. వైకుంఠపాళిలో ఆటగాడు చేసే పని పాచిక విసరడం ఒక్కటే. ఆ తరువాత పావును జరిపేది ఎవరైనా ఒకటే. తెలివైనవాడు ఆడినా, నిద్రపోతున్నవాడి చేతిని పట్టుకుని ఎవరో విసిరించినా ఫలితం మారదు. పాపపుణ్యాల కథ చెప్పడానికి పుట్టిన పటం కాబట్టి అక్కడ అది సరిపోతుంది. వారానికి ఒక పీరియడు లెక్కల ఆటకు ఇచ్చే నాకు మాత్రం అది చాలదనిపించింది. పిల్ల ఆలోచిస్తే ఆ ఆలోచనకు విలువ ఉండాలి. అలాగని చిన్న తమ్ముడు ఎప్పుడూ ఓడిపోయే ఆట కూడా కాకూడదు. ఈ రెండింటి మధ్య దారి వెతకడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఎక్కడ తప్పు చేశానో, ఏది నిలబడిందో చెబుతాను. మీ ఇంట్లోనో మీ తరగతిలోనో సుద్దముక్కతో ఈ రోజే వేసి చూడవచ్చు.

మొదటి ప్రయత్నం తప్పింది

ముందుగా అందరికీ తోచే మార్పే నాకూ తోచింది. ఒక పాచిక బదులు రెండు పాచికలు వేయించాను. ఆ రెండిట్లో నచ్చిన అంకె ఒకటి తీసుకుని పావు జరపమన్నాను. ఎంపిక ఇచ్చాను కదా, ఇక ఆలోచిస్తారనుకున్నాను.

రెండు ఆటలు పూర్తికాకముందే పిల్లలు గుట్టు పట్టేశారు. పాము, నిచ్చెన దగ్గర్లో లేనంతసేపూ పెద్ద అంకె తీసుకోవడమే మేలు. మూడు, ఐదు పడితే ఐదు. రెండు, ఆరు పడితే ఆరు. ఎవరూ ఒక్క క్షణం ఆగలేదు. ఒక పాచికతో సగటున మూడున్నర గళ్లు జరిగే పావు, రెండిట్లో పెద్దది తీసుకోవడం వల్ల దాదాపు నాలుగున్నర గళ్లు జరిగింది. ఆట తొందరగా అయిపోయింది. అదృష్టం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

దీంతో ఒక సంగతి తెలిసింది. ఎంచుకోమని చెప్పినంత మాత్రాన ఎంపిక పుట్టదు. రెండు దారుల్లో ఒకటి ఎప్పుడూ మేలైనదైతే అది ఎంపిక కాదు, అలవాటు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. పాచికలు నేలమీద ఆగీ ఆగకముందే పిల్ల చెయ్యి పావు మీదికి వెళ్తోందంటే అక్కడ ఆలోచించడానికి ఏమీ లేదని అర్థం.

రెండు పాచికలు, రెండు పావులు

ఈసారి ఒక్కొక్కరికి రెండేసి పావులు ఇచ్చాను. పడిన రెండు అంకెల్లో ఒకటి ఒక పావుకు, రెండోది రెండో పావుకు వాడాలి. ఏది దేనికన్నది ఆటగాడి ఇష్టం. రెండంకెలూ తప్పనిసరిగా వాడాలి కాబట్టి పెద్దది ఏరుకునే వీలు లేదు. మొత్తం మీద అందరూ పడినన్ని గళ్లే జరుగుతారు. ఎక్కడ నిలబడతారన్నదే తేడా. మేము స్థిరపరచుకున్న నియమాలు ఇవి:

1. నేలమీద సుద్దతో 1 నుంచి 30 వరకు గళ్లు. నిచ్చెనలు రెండు: 11 నుంచి 17కు, 20 నుంచి 26కు. పాములు రెండు: 13 నుంచి 4కు, 25 నుంచి 16కు.

2. ఒక్కొక్కరికి రెండు పావులు. ఒకరికి చింతగింజలు, మరొకరికి చొక్కా గుండీలు చాలు. పావులన్నీ పటం బయట మొదలవుతాయి.

3. ఎర్ర పాచిక, తెల్ల పాచిక కలిపి గ్లాసులో కుదిపి బోర్లించాలి. ఒకటి ఒక పావుకు, ఇంకోటి రెండో పావుకు.

4. మొదలుపెట్టడానికి ఆరు పడనక్కర్లేదు. ముగింపులో సరిగ్గా 30 పడనక్కర్లేదు, దాటినా ఇల్లు చేరినట్టే.

5. ఒక పావు ఇల్లు చేరాక మిగిలిన పావుకు రెండిట్లో నచ్చిన అంకె వాడుకోవచ్చు.

6. రెండు పావులూ ఇల్లు చేర్చినవారు గెలిచినట్టు. అయితే ఆ చుట్టు పూర్తయ్యేదాకా ఆట ఆగదు.

నాలుగో నియమం గురించి ఒక మాట. ఆరు పడితేనే పావు బయటికి రావాలనే పద్ధతి చాలా ఆటల్లో ఉంది. ఒక పాచికతో ఐదుసార్లు వేసినా ఒక్క ఆరు కూడా పడని పిల్లలు నూటికి దాదాపు 40 మంది ఉంటారు. పక్కవాళ్లు సగం పటం దాటిపోతుంటే వాళ్లు ఊరికే చూస్తూ కూర్చోవాలి. చిన్నపిల్లలు ఆట వదిలి లేచిపోయేది ఎక్కువగా ఇక్కడే. సరిగ్గా ఒక్క గడి దగ్గర ఆగిపోయి "ఒకటి పడాలి, ఒకటి పడాలి" అని ఎదురుచూడటం కూడా అలాంటిదే. ఒక పాచికతో ఆ ఒకటి కోసం సగటున ఆరు వంతులు పడుతుంది. ఆలోచనకు చోటు లేని ఈ నిరీక్షణ రెండింటినీ తీసేశాను. గెలుపు తొందరగా రావాలని కాదు, అదృష్టం ఒక్కటే పనిచేసే చోట్లు తగ్గాలని.

ఆ పాప వేసిన రెండు, నాలుగు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొత్త పటం మీద ఆడుతుండగా ఆ నాలుగో తరగతి పాప పావులు ఒకటి 5వ గడిలో, రెండోది 19వ గడిలో ఉన్నాయి. పాచికలు వేస్తే రెండు, నాలుగు పడ్డాయి. ఆమె ముందు రెండు దారులున్నాయి.

మొదటి దారి: వెనక పావుకు నాలుగు, ముందు పావుకు రెండు. పావులు 9లో, 21లో నిలబడతాయి.

రెండో దారి: వెనక పావుకు రెండు, ముందు పావుకు నాలుగు. పావులు 7లో, 23లో నిలబడతాయి.

రెండిట్లోనూ గళ్ల మొత్తం 30. ఏ దారిలోనూ ఇప్పటికిప్పుడు పాము కరవదు, నిచ్చెన దొరకదు. చూడ్డానికి రెండూ ఒకటే. ఆ పాప ఆలోచించకుండా మొదటి దారి పట్టింది. తరువాతి వంతులో నాలుగు, ఒకటి పడ్డాయి. ముందు పావుకు నాలుగు వాడితే 25, పాము నోరు. సరే, వెనక పావుకు వాడదామంటే 9కి నాలుగు కలిపితే 13, అక్కడా పాము నోరే. నాలుగును ఎటు తిప్పినా కరుస్తుంది. పాప కాసేపు పటం వంకే చూసి, "అయ్యో, రెండూ నాలుగు దూరంలోనే పెట్టుకున్నానే!" అంది.

ఆట ఆపించాను. నల్లబల్ల మీద ఎర్ర పాచికకు ఆరు వరుసలు, తెల్ల పాచికకు ఆరు నిలువులు గీసి 36 గళ్ల పట్టిక వేశాం. రెండు పాచికలు పడే విధాలన్నీ అవే, అన్నిటికీ సమాన అవకాశం. నాలుగు ఉన్న గళ్లకు రంగు వేయమన్నాను. ఎర్రపాచిక నాలుగైన వరుసలో ఆరు, తెల్లపాచిక నాలుగైన నిలువులో ఆరు, రెండూ నాలుగైన గడి రెండుసార్లు లెక్కకు వచ్చింది కాబట్టి మొత్తం 11. అంటే పావులను 9లో, 21లో పెట్టుకుంటే 36లో 11 సార్లు పాము కాటు తప్పదు. దాదాపు మూడుసార్లకు ఒకసారి.

ఇక రెండో దారి. వెనక పావు 7లో ఉంటే 13 పాము ఆరు గళ్ల దూరం. ముందు పావు 23లో ఉంటే 25 పాము రెండు గళ్ల దూరం. ఆరు పడితే దాన్ని ముందు పావుకు ఇస్తాం, 29కి వెళ్లి క్షేమంగా ఉంటుంది. రెండు పడితే వెనక పావుకు ఇస్తాం, 9కి వెళ్తుంది. రెండూ, ఆరూ కలిసి పడినా అటుదిటు చేస్తే సరిపోతుంది. మార్చుకోవడానికి వీల్లేనివి రెండే రెండు: రెండు పాచికలమీదా ఆరు పడటం, రెండు పాచికలమీదా రెండు పడటం. పిల్లలు రంగు వేస్తే రెండు గళ్లే వచ్చాయి. 36లో 2, అంటే పద్దెనిమిది సార్లకు ఒకసారి.

ఒకే అంకెలు, ఒకే మొత్తం, ఒకే పటం. ఒక దారిలో 11, ఇంకో దారిలో 2. ఈ తేడా తెచ్చింది పాచిక కాదు, పాప. తరగతి అంతా దాన్ని ఒక్క మాటగా రాసుకుంది: "రెండు పావులూ పాముకు సమాన దూరంలో ఉండకూడదు."

మరుసటి వారం ఒక అబ్బాయి దీన్నే తిరగేసి అడిగాడు. "మరి నిచ్చెనకో టీచర్?" మళ్లీ పట్టిక వేశాం. రెండు పావులూ వేర్వేరు నిచ్చెనలకు సమాన దూరంలో, మూడేసి గళ్ల ఎడంలో ఉన్నాయనుకుందాం. మూడు పడితేనే ఎక్కగలం, 36లో 11. అదే ఒక పావు మూడు దూరంలో, ఇంకోటి ఐదు దూరంలో ఉంటే మూడు పడినా ఎక్కవచ్చు, ఐదు పడినా ఎక్కవచ్చు. మూడూ ఐదూ రెండూ లేని గళ్లు నాలుగు నాళ్ల పదహారు. మిగిలిన 20 గళ్లలో ఏదో ఒక పావు ఎక్కుతుంది. పాము దగ్గర చేటు చేసే సమాన దూరం నిచ్చెన దగ్గర కూడా చేటే. పావులను వేర్వేరు దూరాల్లో ఉంచుకున్నవాడికి రెండుచోట్లా లాభం.

పాములకు కోరలు పోతే

ఈ కిటుకు తెలిసిన పిల్లలు రెండు వారాల్లో పాములను లెక్కచేయడం మానేశారు. ఒక పాచిక ఆటలో, దగ్గర్లో ఒక పాము ఉంటే కాటు పడే అవకాశం ఆరింట ఒకటి. రెండు పాచికల ఆటలో జాగ్రత్తపరుడికి ఒక్కో పావు విషయంలో అది 36లో ఒకటికి పడిపోయింది. భయం లేని పాముతో ఆట చప్పబడింది. "టీచర్, పాములు ఉత్తివే" అన్నారు.

అప్పుడు నాకు దొరికిన సర్దుబాటు ఏమిటంటే పాచికలను ముట్టుకోకుండా పాములను పెంచడం. ఒకే పావుకు ఆరు గళ్ల లోపల ఒక పాము ఉంటే తప్పనిసరి కాటు 36లో 1. రెండు పాములుంటే, రెండు పాచికలూ ఆ రెండు అంకెల్లోనే పడాలి కాబట్టి రెండు రెళ్లు 4. మూడు పాములుంటే మూడు మూళ్లు 9, అంటే నాలుగింట ఒకటి. ఇక్కడ రెండో పావుకు పాము దగ్గర్లో లేదనుకుని లెక్క వేశాం. 1, 4, 9 అని రాయగానే ఐదో తరగతివాళ్లు "వర్గాలు!" అని అరిచారు.

మా పటంలో 13 పక్కన 14లో ఇంకో పామును పెట్టి 5కు దించాం. అంతే, పిల్లలు మళ్లీ ఆ చోటికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి చూడటం మొదలైంది. మూడో పామును 15లో పెట్టి చూశాం గానీ అది ఎక్కువైంది. రెండు పావులనూ ఆ గుంపు దాటించలేక ఆట పీరియడు దాటిపోయింది. మూడో పామును చెరిపేశాం. సుద్దతో గీసిన పటానికి ఉన్న సుఖం ఇదే. కొన్న పటమైతే మనమే దానికి సర్దుకోవాలి.

ఇంకో హెచ్చరిక. మూడు పాచికలు వేసి రెండు ఏరుకోనిద్దామని ఒకసారి చేశాను. అక్కడ ఆలోచించాల్సిన దారులు రెండు నుంచి ఆరుకు పెరిగాయి. పెద్దపిల్లలకు అది నచ్చింది. చిన్నపిల్లలు వంతు వచ్చినప్పుడల్లా పక్కవాళ్ల ముఖం చూశారు. పక్కవాళ్లు చెబుతుంటే ఆడుతున్నది వాళ్లు కాదు. ఆ నియమాన్ని ఒక్కరోజులోనే వదిలేశాను.

మొదట వేసినవాడికి లాభం ఉందా?

ఆట న్యాయంగా ఉందా అన్న ప్రశ్న పిల్లలే తెచ్చారు. "ఎప్పుడూ వాడే మొదట వేస్తాడు" అని ఒక గొడవ. గొడవ తీర్చడానికి లెక్క వేశాం, లెక్క నన్నే ఆశ్చర్యపరిచింది.

ఇద్దరికీ ఒక్కో పావే మిగిలింది, ఇద్దరివీ ఇంటికి నాలుగు గళ్ల దూరంలో ఉన్నాయి అనుకుందాం. ఒక పాచిక ఆటలో వంతు ఉన్నవాడికి నాలుగో, ఐదో, ఆరో పడాలి. సగం అవకాశం. మా ఆటలో రెండు పాచికల్లో ఏ ఒక్కటి మూడు దాటినా చాలు. రెండూ మూడు లోపు పడే గళ్లు మూడు మూళ్లు 9 మాత్రమే, మిగిలిన 27 గళ్లలో ఇల్లు చేరతాడు. అంటే నాలుగింట మూడు. ఎదుటివాడికి వంతే రాకుండా ఆట నూటికి 75 సార్లు అయిపోతుంది. ఒక్క గడి దూరంలో ఉంటే చెప్పనే అక్కర్లేదు, ముందు వంతువాడిదే గెలుపు.

అదృష్టం తగ్గించడానికి పెట్టిన నియమమే మొదటి వంతువాడి లాభాన్ని పెంచింది. ఆట ఎంత వేగంగా ముగిస్తే అంత లాభం. అందుకే ఆరో నియమం. మొదట వేసినవాడు ఇల్లు చేరినా ఆ చుట్టులో మిగిలినవారందరికీ వంతు ఇవ్వాలి. అందరూ సమానంగా పాచికలు వేసినప్పుడే గెలుపు తేల్చాలి. ఇద్దరూ ఒకే చుట్టులో ముగిస్తే ఇద్దరూ గెలిచినట్టే. తీర్పు కోసం మళ్లీ పాచిక వేయించాలని నాకు అనిపించింది గానీ, అలా చేస్తే ఇరవై నిమిషాల ఆలోచనను చివర్లో ఒక్క విసురుకు అప్పగించినట్టవుతుంది. పిల్లలు ఉమ్మడి గెలుపును ఏ ఇబ్బందీ లేకుండా ఒప్పుకున్నారు. ఇబ్బంది పడింది సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన పెద్దవాళ్లే. "అదెట్లా టీచర్, ఎవరో ఒకరు గెలవాలి కదా?" అని ఒక తాతగారు అడిగారు.

వెనకబడినవాడికి అదనంగా ఒక వంతు ఇవ్వాలనే సలహా కూడా వచ్చింది. ఒక వారం అమలు చేశాం. పెద్దపిల్లలు అదనపు వంతు కోసం కావాలనే నిచ్చెన వదిలేసి వెనక ఉండటం నేర్చుకున్నారు. ఇక దయతో వంతు దొరికిన చిన్నవాడు గెలిచినప్పుడు, "నీకు ఎక్కువ ఇచ్చారు కాబట్టి" అని పక్కవాళ్లు ఎత్తిపొడిచారు. న్యాయం అంటే అందరికీ ఒకే నియమం కనబడటమే అని పిల్లల లెక్క. అదనపు వంతును తీసేశాం.

మార్పు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

నియమం మార్చాక ఆటలో నిజంగా ఆలోచనకు చోటు వచ్చిందో లేదో చూడటానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇద్దరు పిల్లలను తీసుకోండి. ఒకరు ఆలోచించి పంచాలి. రెండోవారు ఆలోచించకూడదు, ఎర్ర పాచిక ఎప్పుడూ ముందు పావుకు, తెల్లది వెనక పావుకు. వంతులు మార్చుకుంటూ 20 ఆటలు ఆడించండి. ఒక్కరోజులో కాదు, నెల రోజుల్లో. ఉమ్మడి గెలుపు వస్తే ఆ ఆటను వదిలి ఇంకోటి ఆడించండి.

ఫలితం 13-7 వస్తే తొందరపడకండి. రూపాయి నాణెం 20 సార్లు ఎగరేసినా బొమ్మ 13 సార్లు, అంతకన్నా ఎక్కువ పడటం నూటికి 13 సార్లు జరిగేదే. ఆలోచించినవారు 15 లేక అంతకన్నా ఎక్కువ గెలిస్తే అప్పుడు నమ్మవచ్చు. ఉత్త అదృష్టంతో అలా రావడం నూటికి రెండుసార్లే. 20కి 20 వస్తే మాత్రం సంతోషించకండి. చిన్నవాళ్లకు ఆ ఆటలో ఇక ఆశ లేదని అర్థం, ఒక పాము తీసేయాలి, లేకపోతే పటం చిన్నది చేయాలి.

పరీక్షకు ఓపిక లేనివారు పిల్ల మాటలు వింటే చాలు. పావు జరిపాక "ఎందుకు అలా వేశావు?" అని ఒక్క ప్రశ్న అడగండి. "పెద్దది కాబట్టి", "ఊరికే" అంటే నియమంలో లోపం ఉంది. "అక్కడ ఉంటే నాలుగుకు కరుస్తుంది, ఇక్కడైతే రెండు రెండు పడితేనే కరుస్తుంది" అంటే ఆట పనిచేస్తోంది. బడి బయట తమిళం, టీవీలో ఇంకోటి వినే మా పిల్లలు లెక్కలో కారణం చెప్పేటప్పుడు అంకెలు తెలుగులో అనడం తగ్గిపోయింది. ఈ ఆటలో మాత్రం వాదన వేడెక్కితే "నాలుగు దూరం", "రెండు దూరం" అని తెలుగులోనే పోట్లాడుకుంటున్నారు.

ఒక జాగ్రత్త మాత్రం పెద్దవాళ్లకు. పక్కన కూర్చుని "అది కాదమ్మా, ఇది జరుపు" అనకండి. పిల్ల పది లెక్కపెట్టేలోగా నిర్ణయించుకోవాలి, ఎవరూ నోరెత్తకూడదు. పాము కరిచాక అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఈ ఏడు ఏకాదశికి ఆ పాప ఇంట్లో సిమెంటు నేలమీద సుద్దపటం వేసిందట. అవ్వ మొదట పటం మీద పాముల పేర్లేవని కోప్పడి, తరువాత రెండు చింతగింజలు తీసుకుని తనూ కూర్చుందట. మరునాడు బడికి వచ్చాక ఎవరు గెలిచారని అడిగాను.

"తమ్ముడే గెలిచాడు టీచర్. నా పావులు రెండూ దూరం దూరంగానే పెట్టుకున్నాను. అయినా రెండు రెండు పడ్డాయి, మార్చడానికి లేదు" అంది. ఈసారి ముఖం ముడుచుకోలేదు. పద్దెనిమిదింట ఒకటి ఎప్పుడో ఒకప్పుడు పడుతుందని ఆమెకు తెలుసు. పక్కనే నిలబడిన తమ్ముడు మాత్రం ఊరుకోలేదు.

"అది ఒక్కటే కాదు టీచర్. ఒకటి పడితే దాన్ని వెనక పావుకు ఇచ్చి నిచ్చెన ఎక్కాను. అక్క చూసుకోలేదు" అన్నాడు.